రక్తపోటు కొలతలో రెండు సంఖ్యలు: కొలిచే విధానం, వాటి అర్థం

విషయ క్రమం

1. పరిచయం
2. ధమనిలో ఒత్తిడికి రెండు విలువలు ఎందుకు ఉంటాయి?
3. కఫ్ కింద ఏం జరుగుతుంది?
4. కొలిచే క్రమం
5. ఒక ఉదాహరణ: 144 ఎలా వచ్చింది?
6. డిజిటల్ యంత్రం కొలిచే తీరు
7. రెండు సంఖ్యలు ఏం సూచిస్తాయి?
8. సారాంశం
9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- రక్తపోటును రెండు సంఖ్యలతో ఎందుకు చెబుతారో వివరించగలుగుతారు.
- స్టెతస్కోపులో శబ్దం ఎందుకు మొదలవుతుందో, ఎందుకు ఆగిపోతుందో చెప్పగలుగుతారు.
- కొలతలో జరిగే ముఖ్యమైన పొరపాట్లను గుర్తించగలుగుతారు.
- ఒక కొలతను చూసి పై సంఖ్య, కింది సంఖ్య ఏం తెలుపుతున్నాయో చర్చించగలుగుతారు.

1. పరిచయం

అరవై రెండేళ్ల ఒక స్త్రీ తమ ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లి బీపీ చూపించుకుంది. చీటీ మీద 144/88 అని రాసి, "కొంచెం ఎక్కువుందమ్మా, ఉప్పు తగ్గించు, వచ్చే నెల మళ్లీ రా" అని పంపారు. మూడు రోజుల తరువాత అదే ఉపకేంద్రంలో మరొకరు అదే పరికరంతో చూస్తే 184/88 వచ్చింది. కింది సంఖ్య మారలేదు. పై సంఖ్య మాత్రం 40 పెరిగింది. పరికరం చెడిపోలేదు. ఆమె రక్తపోటు కూడా ఆ మూడు రోజుల్లో పెరగలేదు. మొదటిసారి కొలిచినప్పుడు ఒక మెట్టు వదిలేశారు, అంతే.

ఆ మెట్టు ఏమిటో తెలియాలంటే ముందుగా ఆ రెండు సంఖ్యలు ఎక్కడి నుంచి వస్తాయో తెలియాలి. సాధారణ పరీక్షలో మనం ధమనిలోని ఒత్తిడిని నేరుగా కొలవం. చేతికి చుట్టిన పట్టీలో, అంటే కఫ్‌లో ఉన్న గాలి ఒత్తిడిని కొలుస్తాం. శబ్దం మొదలైన క్షణంలో ఆ గాలి ఒత్తిడి పై సంఖ్య అవుతుంది. శబ్దం పూర్తిగా ఆగిన క్షణంలో ఉన్నది కింది సంఖ్య అవుతుంది. ఈ రెండు క్షణాలను సరిగా పట్టుకోవడమే రక్తపోటు కొలత.

2. ధమనిలో ఒత్తిడికి రెండు విలువలు ఎందుకు ఉంటాయి?

గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటోందని అనుకుందాం. అప్పుడు ఒక్కో స్పందనకు 0.8 సెకను పడుతుంది. అందులో సుమారు 0.3 సెకను గుండె సంకోచించి రక్తాన్ని మహాధమనిలోకి నెడుతుంది. మిగిలిన 0.5 సెకను సడలి మళ్లీ రక్తంతో నిండుతుంది. సంకోచ సమయంలో ధమనుల్లో ఒత్తిడి అత్యధిక స్థాయికి చేరుతుంది. దీనిని సిస్టోలిక్ పీడనం అంటారు. గుండె సడలి ఉన్నప్పుడు ఒత్తిడి క్రమంగా తగ్గి, తరువాతి సంకోచానికి కాస్త ముందు అత్యల్ప స్థాయికి వస్తుంది. ఇది డయాస్టోలిక్ పీడనం. వీటినే 120/80 అని పైన ఒకటి, కింద ఒకటిగా రాస్తాం.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. గుండె సడలినప్పుడు ఎడమ జఠరికలో ఒత్తిడి దాదాపు సున్నాకు పడిపోతుంది. అలాంటప్పుడు ధమనుల్లో మాత్రం 80 దగ్గరే ఎందుకు నిలుస్తుంది? దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, మహాధమని గోడకు సాగే గుణం ఉంది. గుండె నెట్టిన రక్తంలో కొంత భాగాన్ని అది ఉబ్బి తనలో నిలుపుకుంటుంది. గుండె సడలగానే మహాధమని కవాటం మూసుకుంటుంది, సాగిన గోడ వెనక్కి ముడుచుకుంటూ ఆ రక్తాన్ని ముందుకు తోస్తుంది. రెండవది, రక్తం బయటికి పోయే దారులు సన్నగా ఉంటాయి. ధమనుల చివర ఉండే ధమనికల గుండా రక్తం ఒక్కసారిగా జారిపోలేదు. ఒత్తిడి పూర్తిగా పడిపోకముందే తరువాతి స్పందన వచ్చేస్తుంది.

ఈ రెండు కారణాలను గుర్తుంచుకోండి. ఏడవ విభాగంలో సంఖ్యల అర్థం చూసేటప్పుడు మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

రక్తపోటును పాదరసం ఎత్తుతో చెప్పడం పాత అలవాటు. 120 అంటే 120 మిల్లీమీటర్ల ఎత్తున్న పాదరస స్తంభాన్ని మోయగల ఒత్తిడి. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువైనది కనుక అదే ఒత్తిడి నీటిని సుమారు 163 సెంటీమీటర్ల ఎత్తుకు, అంటే ఐదడుగులకు పైగా నిలబెట్టగలదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ ఒక గుర్రం ధమనికి గాజు గొట్టం అమర్చి, రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకడం చూశాడు. ఆ వివరాలను 1733లో ప్రచురించాడు. మనుషుల్లో రోజూ వాడుకోవడానికి మాత్రం ధమనిని కోయకుండా కొలిచే మార్గం కావాలి. ఆ మార్గం కఫ్ రూపంలో వచ్చింది.

3. కఫ్ కింద ఏం జరుగుతుంది?

1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి గాలి నింపే పట్టీని చేతికి చుట్టి, మణికట్టు దగ్గర నాడి మాయమయ్యే ఒత్తిడిని పాదరస మానం మీద చదివాడు. దీనితో పై సంఖ్య మాత్రమే తెలిసేది. 1905లో రష్యా వైద్యుడు కొరోత్కోవ్ మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి వినడం మొదలుపెట్టాక కింది సంఖ్య కూడా దొరికింది. ఆ శబ్దాలను నేటికీ ఆయన పేరుతోనే కొరోత్కోవ్ శబ్దాలు అంటారు.

రక్తపోటు 120/80 ఉన్న వ్యక్తి చేతికి కఫ్ చుట్టి 150 వరకు గాలి నింపామనుకుందాం. బయటి నుంచి నొక్కే ఒత్తిడి లోపలి అత్యధిక ఒత్తిడి కంటే ఎక్కువ కనుక భుజధమని పూర్తిగా మూసుకుపోతుంది. రక్తం కదలదు, శబ్దం ఉండదు.

ఇప్పుడు గాలిని మెల్లగా వదులుతాం. కఫ్ ఒత్తిడి 120కి దిగగానే ప్రతి స్పందన శిఖరం దగ్గర ధమని ఒక్క క్షణం తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. ఆ క్షణంలో ఇరుకు సందులోంచి రక్తం వేగంగా చిమ్ముతుంది. ప్రవాహం సుడులు తిరుగుతుంది, ధమని గోడ అదురుతుంది. స్టెతస్కోపులో 'టక్' మని స్పష్టంగా వినిపిస్తుంది. ఇదే సిస్టోలిక్ పీడనం.

ఒత్తిడి ఇంకా తగ్గుతున్నకొద్దీ ప్రతి స్పందనలోనూ ధమని తెరుచుకుని ఉండే సమయం పెరుగుతుంది. శబ్దం గుణం మారుతూ, కొంతసేపటికి మందగిస్తుంది. కఫ్ ఒత్తిడి 80 కంటే తగ్గాక స్పందనల మధ్య కూడా ధమని మూసుకోదు. రక్తం సాఫీగా పారుతుంది, శబ్దం ఆగిపోతుంది. ఆగిన చోట చదివే విలువ డయాస్టోలిక్ పీడనం. కొందరిలో, ముఖ్యంగా కొందరు గర్భిణుల్లో, గాలి అంతా వదిలేదాకా శబ్దం వినిపిస్తూనే ఉంటుంది. అటువంటప్పుడు శబ్దం మందగించిన చోటును డయాస్టోలిక్‌గా తీసుకుని, ఆ సంగతి చీటీ మీద రాయాలి.

4. కొలిచే క్రమం

కొలిచే ముందు అరగంట వరకు కాఫీ, టీ, పొగ తాగకూడదు. మూత్ర విసర్జన చేసి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, రెండు పాదాలు నేలమీద ఉంచి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. కొలిచేటప్పుడు కొలిచేవారు గానీ, కొలిపించుకునేవారు గానీ మాట్లాడకూడదు. "పిల్లలెలా ఉన్నారమ్మా?" అనే పలకరింపు కూడా పై సంఖ్యను పెంచుతుంది.

మోచేయి పైభాగం బట్ట లేకుండా ఉండాలి. బిగుతైన చొక్కా చేతిని పైకి మడిస్తే అదే మరో కఫ్‌లా నొక్కుతుంది. చేతిని బల్ల మీద ఆనించి, కఫ్ గుండె ఎత్తులో ఉండేలా చూడాలి. చేయి గుండెకంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే, ఆ ఎత్తు రక్తం బరువు తోడై కొలత సుమారు 8 పెరుగుతుంది. చేయి ఒళ్లో పెట్టించి కొలిచినప్పుడు జరిగేది ఇదే.

కఫ్ లోపలి రబ్బరు సంచి పొడవు చేతి చుట్టుకొలతలో సుమారు 80 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే ధమనిని మూయడానికి ఎక్కువ గాలి కావలసివస్తుంది, కొలత నిజం కంటే ఎక్కువ చూపుతుంది. కఫ్ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి.

ఆ తరువాత క్రమం ఇది:

1. మణికట్టు నాడి మీద వేళ్లు ఉంచి గాలి నింపాలి. నాడి మాయమైన చోటును గుర్తుంచుకుని గాలి పూర్తిగా వదిలేయాలి. అర నిమిషం ఆగాలి.
2. మోచేతి మడతలో భుజధమని కొట్టుకునే చోట స్టెతస్కోపు ఉంచాలి. నాడి మాయమైన విలువకంటే 30 ఎక్కువ వరకు గాలి నింపాలి.
3. సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున గాలి వదలాలి. వరుసగా రెండు శబ్దాలు వినిపిస్తే వాటిలో మొదటిదాని దగ్గర పై సంఖ్యను చదవాలి.
4. శబ్దం పూర్తిగా ఆగిన చోట కింది సంఖ్యను చదవాలి. గాలి మిగతాది వదిలేయాలి.
5. ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొలవాలి. మొదటిసారి వచ్చినవారికి రెండు చేతులకూ చూసి, ఎక్కువ ఉన్న చేతినే తరువాత కూడా వాడాలి.

మూడవ మెట్టులో వేగం ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. నాడి నిమిషానికి 75 అయితే 0.8 సెకనుకు ఒక స్పందన వస్తుంది. సెకనుకు 2 చొప్పున వదిలితే రెండు స్పందనల మధ్య ఒత్తిడి 1.6 మాత్రమే తగ్గుతుంది. తొందరపడి సెకనుకు 10 చొప్పున వదిలితే మధ్యలో 8 తగ్గిపోతుంది. నిజమైన పై సంఖ్య 130 అయినా మొదటి శబ్దం 123 దగ్గర వినిపించవచ్చు. కింద కూడా అలాగే చివరి శబ్దం నిజమైన చోటుకంటే ముందే ఆగినట్లు తోస్తుంది. అంటే పై సంఖ్య తగ్గి, కింది సంఖ్య పెరిగి, రెండూ దగ్గరకు జరుగుతాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

గమనిక: జవాబులను ఈ భాగం చివర ఇచ్చిన వాటితో సరిచూసుకోండి.

అ) కఫ్ ఒత్తిడి సిస్టోలిక్ పీడనం కంటే ఎక్కువ ఉన్నప్పుడు శబ్దం ఎందుకు వినిపించదు?
ఆ) చేయి ఒళ్లో ఉంచి కొలిస్తే కొలత పెరుగుతుందా, తగ్గుతుందా?

5. ఒక ఉదాహరణ: 144 ఎలా వచ్చింది?

ఇప్పుడు పరిచయంలో చెప్పిన స్త్రీ దగ్గరికి వద్దాం. మొదటిసారి కొలిచినవారు నాడి చూసే మెట్టును వదిలేశారు. అలవాటు ప్రకారం 160 వరకు గాలి నింపి స్టెతస్కోపుతో విన్నారు. ఏమీ వినిపించలేదు. శబ్దం లేదు కనుక ధమని మూసుకుందని అనుకున్నారు. గాలి వదులుతుంటే 144 దగ్గర శబ్దం మొదలై 88 దగ్గర ఆగింది. చీటీ మీద 144/88 రాశారు.

రెండవసారి కొలిచినవారు మొదట మణికట్టు పట్టుకున్నారు. 160 దాటినా వేళ్లకు నాడి తగులుతూనే ఉంది. 182 దగ్గర మాయమైంది. అందుచేత ఈసారి 212 వరకు నింపారు. గాలి వదులుతుండగా 184 దగ్గర శబ్దం మొదలైంది, 164 దగ్గర మాయమైంది. 144 దగ్గర మళ్లీ వినిపించి, చివరికి 88 దగ్గర ఆగింది.

164 నుంచి 144 వరకు ఉన్న ఈ నిశ్శబ్దాన్ని శబ్ద విరామం అనవచ్చు. రక్తపోటు ఎక్కువగా ఉన్న కొందరిలో, ముఖ్యంగా ధమనులు గట్టిపడిన పెద్దవయసు వారిలో ఇది కనిపిస్తుంది. ఈ విరామంలో రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది, నాడి కొట్టుకుంటూనే ఉంటుంది. చెవికి అందేంత శబ్దం మాత్రం రాదు. మొదటిసారి నింపిన 160 సరిగ్గా ఈ విరామం మధ్యలో పడింది. ఆ క్షణంలో ఆమె మణికట్టు మీద వేళ్లుంటే, చెవికి ఏమీ వినిపించకపోయినా నాడి తగిలేది. పొరపాటు అక్కడికక్కడే బయటపడేది.

విరామం వల్ల మరో తప్పు కూడా జరగవచ్చు. పైనుంచి సరిగ్గా మొదలుపెట్టినా, 164 దగ్గర శబ్దం ఆగగానే పని అయిపోయిందనుకుని గాలి వదిలేస్తే 184/164 అని రాస్తారు. కింది సంఖ్య ఇలా అసాధారణంగా పైకి దగ్గరగా వస్తే అనుమానించి, చివరిదాకా మళ్లీ వినాలి.

ఆమెకు మరో రెండుసార్లు కొలిస్తే 180/88, 178/86 వచ్చాయి. మొదటి కొలతలో కంగారు కొంత కలిసి ఉంటుంది కనుక చివరి రెండింటి సగటు తీసుకున్నారు: 179/87. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం ఏవీ లేవు. ఆమెను అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుని దగ్గరికి పంపారు. 144 అని రాసిన చీటీ ఆమెకు ఒక నెల గడువు ఇచ్చింది. సరిగా కొలిచిన సంఖ్య ఆ గడువును ఒక్క పూటకు తగ్గించింది.

6. డిజిటల్ యంత్రం కొలిచే తీరు

ఇళ్లలో వాడే డిజిటల్ యంత్రం శబ్దాలను వినదు. కఫ్‌లో గాలి తగ్గుతున్నప్పుడు, లేదా కొన్ని యంత్రాల్లో పెరుగుతున్నప్పుడు, ధమని కొట్టుకోవడం వల్ల ఆ గాలిలో కలిగే చిన్న అలలను గుర్తిస్తుంది. ఈ అలలు మొదట చిన్నవిగా ఉండి, పెరిగి, మళ్లీ తగ్గుతాయి. అవి అత్యంత పెద్దవిగా ఉన్న చోటు ధమనిలోని సగటు ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. ఆ చోటు నుంచి తయారీదారు నిర్ణయించిన లెక్క ప్రకారం పై సంఖ్యనూ కింది సంఖ్యనూ యంత్రం అంచనా వేస్తుంది.

ఇందువల్ల చెవి పొరపాటు, శబ్ద విరామం సమస్య ఉండవు. కానీ నాడి క్రమం తప్పి కొట్టుకునేవారిలో అలలు ఒకదానికొకటి పొందికగా ఉండవు, అంచనా తప్పవచ్చు. ఇటువంటివారిలో వరుస కొలతలు ఒకదానికొకటి చాలా దూరంగా వస్తాయి. అప్పుడు మూడుసార్లైనా కొలిచి సగటు చూడాలి, స్టెతస్కోపుతోనూ సరిచూడాలి. కూర్చునే తీరు, చేతి ఎత్తు, కఫ్ పరిమాణం గురించి నాలుగవ విభాగంలో చెప్పినవన్నీ ఈ యంత్రానికీ వర్తిస్తాయి.

7. రెండు సంఖ్యలు ఏం సూచిస్తాయి?

పై సంఖ్య ముఖ్యంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: గుండె ఒక్కసారికి ఎంత రక్తాన్ని నెడుతోంది, మహాధమని ఎంతగా సాగుతోంది. కింది సంఖ్య ధమనికలు ఎంత బిగుసుకుని ఉన్నాయో, రెండు స్పందనల మధ్య ఎంత సమయం ఉందో, మహాధమని వెనక్కి ముడుచుకుంటూ ఎంత ఒత్తిడిని నిలుపుతోందో తెలుపుతుంది.

నడివయసు లోపు వారిలో రక్తపోటు పెరిగినప్పుడు తరచుగా ధమనికల బిగుతు కారణంగా కింది సంఖ్య కూడా పెరుగుతుంది. 138/96 వంటి కొలత ఇలాంటిది. పెద్ద వయసులో పరిస్థితి మారుతుంది. మహాధమని గోడ గట్టిపడి ఉబ్బడం తగ్గుతుంది. నెట్టిన రక్తానికి చోటివ్వదు కనుక పై సంఖ్య పెరుగుతుంది. నిలువ చేసుకున్న రక్తం తక్కువ కనుక సడలిక సమయంలో ఒత్తిడి నిలవదు, కింది సంఖ్య తగ్గుతుంది. 164/72 వంటి కొలత ఇలా వస్తుంది. "కిందిది బాగానే ఉంది కదా, ఫరవాలేదు" అనుకోవడం ఇక్కడ పొరపాటు. పై సంఖ్య ఒక్కటే పెరిగినా పక్షవాతం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

రెండు సంఖ్యల మధ్య తేడాను నాడీ పీడనం అంటారు. 120/80లో ఇది 40. మన ఉదాహరణలోని స్త్రీలో 179 నుంచి 87 తీసేస్తే 92. ఆమె ధమనులు గట్టిపడ్డాయని ఈ తేడా సూచిస్తోంది, శబ్ద విరామం కూడా దానికి పొసగుతుంది. అవయవాలకు రక్తాన్ని పంపే సగటు ఒత్తిడి కావాలంటే కింది సంఖ్యకు ఈ తేడాలో మూడో వంతు కలపాలి. సడలిక సమయం సంకోచ సమయం కంటే ఎక్కువ కనుక సగటు కింది సంఖ్య వైపు మొగ్గుతుంది. 120/80కి సగటు సుమారు 93, ఆమెకు సుమారు 118.

మన దేశంలో సాధారణంగా ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు పై సంఖ్య 140 లేదా అంతకు ఎక్కువ, లేదా కింది సంఖ్య 90 లేదా అంతకు ఎక్కువ ఉంటే అధిక రక్తపోటుగా నిర్ధారిస్తారు. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా చాలు. అమెరికాలో 2017 నుంచి 130/80నే హద్దుగా తీసుకుంటున్నారు. ఇంట్లో ప్రశాంతంగా కొలిచినప్పుడు సంఖ్యలు కొంత తక్కువ వస్తాయి కనుక ఇంటి కొలతల సగటుకు 135/85ను హద్దుగా భావిస్తారు. వైద్యుణ్ని చూడగానే బీపీ పెరిగేవారు ఉన్నారు, ఆసుపత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవారూ ఉన్నారు. అందుకే ఒక్క కొలతతో జీవితాంతం మందు మొదలుపెట్టడం గానీ, ఒక్క కొలతతో ఏమీ లేదని తేల్చడం గానీ సరికాదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పై సంఖ్య 180, లేదా కింది సంఖ్య 110 దగ్గరికి చేరితే, కొన్ని నిమిషాల తరువాత మళ్లీ కొలిచినా అలాగే ఉంటే, ఆ రోజే వైద్యుని చూపించాలి. దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట పడిపోవడం, ఒకవైపు కాలుచేతుల్లో బలహీనత, చూపు మందగించడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. గర్భిణుల్లో 140/90 దాటితే ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి పంపాలి.

8. సారాంశం

రక్తపోటు కొలతలో పై సంఖ్య గుండె సంకోచించినప్పుడు ధమనుల్లోని అత్యధిక ఒత్తిడిని, కింది సంఖ్య సడలినప్పటి అత్యల్ప ఒత్తిడిని తెలుపుతాయి. స్టెతస్కోపు పద్ధతిలో శబ్దం మొదలైనప్పుడు, ఆగినప్పుడు కఫ్‌లో ఉన్న ఒత్తిడిని ఈ రెండు విలువలుగా తీసుకుంటాం. ముందుగా నాడి చూడకుండా గాలి నింపితే శబ్ద విరామం వల్ల పై సంఖ్యను చాలా తక్కువగా చదివే ప్రమాదం ఉంది. చేతి ఎత్తు, కఫ్ పరిమాణం, గాలి వదిలే వేగం కూడా కొలతను మారుస్తాయి. వయసు పెరిగి మహాధమని గట్టిపడ్డప్పుడు పై సంఖ్య పెరిగి కింది సంఖ్య తగ్గవచ్చు కనుక రెండింటినీ కలిపి చదవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – జవాబులు

అ) కఫ్ ఒత్తిడికి ధమని పూర్తిగా మూసుకుపోయి రక్తం కదలదు కనుక శబ్దం రాదు.
ఆ) పెరుగుతుంది. గుండె ఎత్తుకు, చేతి ఎత్తుకు మధ్య ఉన్న రక్తం బరువు కొలతకు తోడవుతుంది.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

*కింది ప్రశ్నలకు పది పంక్తుల్లో జవాబులు రాయండి.*

1. గుండె సడలినప్పుడు కూడా ధమనుల్లో ఒత్తిడి సున్నాకు ఎందుకు పడిపోదు?
2. డిజిటల్ యంత్రం రక్తపోటును ఎలా అంచనా వేస్తుంది? ఎవరిలో ఆ అంచనా తప్పవచ్చు?

*కింది ప్రశ్నలకు ముప్పై పంక్తుల్లో జవాబులు రాయండి.*

1. కఫ్, స్టెతస్కోపులతో రక్తపోటు కొలిచే క్రమాన్ని, ప్రతి మెట్టుకూ కారణాన్ని వివరించండి.
2. ఒక వ్యక్తికి 150 వరకు గాలి నింపి కొలిస్తే 138/84 వచ్చింది. కానీ 150 దగ్గర శబ్దం లేకపోయినా మణికట్టు నాడి తగులుతోంది. ఈ కొలతను నమ్మవచ్చా? తరువాత ఏం చేయాలో కారణాలతో రాయండి.